ఐదు వారాల పాప, ఇద్దరికీ ఏకబిగిన ఐదు గంటల నిద్ర: రాత్రి వంతులు ఎలా వేసుకోవాలి?

వేకువ
పాపకు ఐదు వారాలు. నెలలు నిండి పుట్టింది, బరువు బాగానే పెరుగుతోంది. తల్లిపాలే ఎక్కువ. ఇంట్లో పంపు ఉంది, సీసా కూడా పట్టుకుంటోంది. ఇప్పుడు పాప ఏడిస్తే ఇద్దరం లేస్తున్నాం. ఆమె పాలిస్తుంది, నేను డైపర్ మారుస్తాను, మళ్లీ ఇద్దరం పడుకుంటాం. ముక్కలన్నీ కూడితే ఒక్కొక్కరికి ఆరు గంటలు దాటుతున్నాయి, అయినా పగలంతా తల వాలిపోతోంది. ఉదయం ఎనిమిదిన్నరకు నేను పనికి బయల్దేరాలి. ఇద్దరికీ ఐదేసి గంటలు ఎవరూ లేపకుండా దొరకాలంటే రాత్రిని ఎలా పంచుకోవాలి? పాల విషయంలో ఎక్కడ జాగ్రత్త పడాలి?

లెక్కలపుస్తకం
నిద్ర తొంభై నిమిషాల చక్రాలుగా నడుస్తుంది. కాబట్టి ఐదు గంటలు కాదు, సరిగ్గా నాలుగున్నర గంటలకు అలారం పెట్టుకోండి. మూడు చక్రాలు పూర్తవుతాయి, లేచేటప్పుడు మత్తు ఉండదు. ఇంకా సులువైన దారి: ఒక రాత్రి మీరు, ఒక రాత్రి ఆమె. రోజు మార్చి రోజు ఒకరికి పూర్తి రాత్రి దొరుకుతుంది.

గడియారం
చక్రాలు ఉన్న మాట నిజమే, కానీ ప్రతిదీ తొంభై నిమిషాలే ఉండదు. మనిషిని బట్టి మారుతుంది, ఒకే మనిషికి ఒకే రాత్రిలో కూడా మారుతుంది. పైగా నిద్ర పట్టడానికి ఎంతసేపు పడుతుందో ముందే తెలియదు. అందుకని నాలుగున్నర అనే అంకెకు అలారం కట్టేస్తే ఉన్న అరగంట పోగొట్టుకోవడమే.

అసలు కీలకం వేరు. గాఢనిద్రలో ఎక్కువ భాగం పడుకున్న మొదటి మూడు గంటల్లోనే వస్తుంది. ఆ భాగాన్ని గంటకోసారి తెంపితే శరీరం ప్రతిసారీ పైపై నిద్ర నుంచి మళ్లీ దిగాలి. వేకువ గారి ఇంట్లో జరుగుతున్నది అదే. గంటలు ఆరు ఉన్నాయి, దిగడానికే చాలా ఖర్చవుతోంది. నాలుగైదు గంటలు తెగకుండా దొరికితే గాఢనిద్ర చాలావరకు అందులోనే గిట్టుబాటవుతుంది, మిగతాది కునుకులతో కూడినా మనిషి నిలబడగలడు.

రోజు మార్చి రోజు అనేది ఇద్దరూ సీసాతోనే పాలుపట్టే ఇంట్లో కొంత నడుస్తుంది. అక్కడ కూడా వంతు ఉన్న మనిషికి ఆ రాత్రి ఏకబిగి నిద్ర సున్నా. రొమ్ముపాలు ఇస్తున్న తల్లికైతే 'నీది కాని రాత్రి' అనేదే ఉండదు, రొమ్ము నిండిపోయి అదే లేపుతుంది.

పాలపిట్ట
పాలిచ్చే తల్లులతోనే నా పని, కాబట్టి పాల వైపు నుంచి చెప్తాను. మీ ఇంటికి సరిపడే రాత్రి ఒకటి గడియారం పెట్టి చూద్దాం.

రాత్రి 8:00కి తల్లి రెండు వైపులా పాలిస్తుంది. 8:30కి పాపను మీ చేతికిచ్చి వేరే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. అక్కడి నుంచి 1:45 దాకా పాప మీదే. 11 గంటల ప్రాంతంలో పాప లేస్తుంది, ముందే పిండి పెట్టిన పాలు సీసాతో పడతారు. 1:45కి తల్లి లేచి పాలిస్తుంది, మీరు వెళ్లి ఆమె లేచిన గదిలో పడుకుంటారు. 2 నుంచి 7 దాకా మీ వంతు నిద్ర. ఆమె 4:30 ప్రాంతంలో ఇంకోసారి పాలిస్తుంది, నడుమ రెండు కునుకులు తీస్తుంది. 7కి మీరు లేచి పాపను తీసుకుంటారు.

ఇందులో రొమ్ము వదిలేసింది ఒక్క పూటే, 11 గంటలది. ఆ పూటకు బదులు ఇరవై నాలుగు గంటల్లో ఎప్పుడో ఒకసారి పంపు పెట్టాలి, లేకపోతే పాలు తగ్గుతాయి. అందుకు మంచి వేళ ఉదయం. ఏడు గంటల పాలు ఇచ్చిన అరగంట, ముప్పావుగంటకి పంపు పెడితే తేలిగ్గా చేపుకు వస్తాయి, ఆ వేళ పాలు ఎక్కువగా ఉంటాయి. ఒక్క పూటలో చాలినన్ని రాకపోతే మధ్యాహ్నం ఇంకొంచెం. ఈ వయసు బిడ్డకు ఒక పూటకు సుమారు 90 మిల్లీలీటర్లు అనుకోండి. 90 ఒక సీసాలో, ఇంకో 30 వేరే చిన్న డబ్బాలో పెట్టండి. చాలకపోతే ఆ 30 కలపండి. ఒకే సీసాలో 120 పోస్తే మిగిలినవి పారబోయాల్సి వస్తుంది, ఎందుకంటే నోరు పెట్టిన పాలు రెండు గంటలు దాటితే వాడకూడదు.

ఉదయం పిండినవి ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టండి, తలుపులో వద్దు. నాలుగు రోజుల దాకా ఉంటాయి, మీకు ఆ రాత్రికే కాబట్టి ఇబ్బంది లేదు. మధ్యాహ్నం పిండిన వేడి పాలను నేరుగా చల్లటి వాటిలో పోయకుండా, ముందు చల్లారనిచ్చి కలపండి. రాత్రి వెచ్చబెట్టడానికి గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా నిలబెడితే చాలు. మైక్రోవేవ్ వద్దు, ఒకచోట చల్లగా ఒకచోట మండేలా వేడెక్కుతుంది.

సీసాను అడ్డంగా పట్టుకుని, బిడ్డను కాస్త నిటారుగా కూర్చోబెట్టి, మధ్య మధ్య ఆపుతూ పట్టండి. తల కిందకి వాల్చి గబగబా పోస్తే నిండిన కడుపుతో కక్కుతుంది. పైగా రొమ్ము దగ్గర అంత తేలిగ్గా రావు కదా, సీసా వేగమే అలవాటైతే మర్నాడు రొమ్ము దగ్గర గింజుకుంటుంది.

జంటమొగ్గలు
మాకు కవలలు, పది వారాలు. మేమూ ఇదే అడగాలనుకుంటున్నాం, పిల్లలు ఐదు గంటలు ఏకబిగిన పడుకోవడానికి ఏం చేయాలి? ఏడ్చినా పట్టించుకోకుండా వదిలేస్తే అలవాటవుతుందని విన్నాం.

గడియారం
ఇక్కడ అడిగింది పిల్లల నిద్ర గురించి కాదండి, పెద్దల నిద్ర గురించి. పది వారాలకి వదిలేసి అలవాటు చేయడం తొందర. ఈ వయసుకి రాత్రీ పగలూ తేడా ఇప్పుడిప్పుడే కుదురుతుంటుంది, ఆకలికి లేవడం సహజం.

కవలలతో వంతులు వేసుకునే పద్ధతి ఒకటుంది: ఒకరు లేస్తే రెండోవారిని కూడా లేపి వెంటనే పాలు పట్టడం. లేకపోతే ఒకరి తర్వాత ఒకరు లేచి వంతు మనిషికి అరగంట కునుకు కూడా మిగలదు. రెండు సీసాలు ఒకేసారి పట్టడం ఒక్కరికి కష్టం కాబట్టి, మూడో మనిషి సాయం ఉంటే ఆ వేళకే పిలవండి. ఆయన రాత్రంతా మేలుకోవాల్సిన పని లేదు.

వెన్నెల
పాలపిట్ట గారు చెప్పిన పట్టికలో నాకు నచ్చింది, తల్లి ముందు పడుకోవడం. కానీ 8:30కి పడుకోమంటే పడుకుంటారా? చాలామంది కళ్లు మూసుకుని పదిన్నర దాకా దొర్లుతుంటారు. తర్వాత ఐదు గంటలు ఇచ్చాం కదా అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, ఆమె పడుకున్నది మూడే.

ఇంకోటి, గది మారడం ఒక్కటీ చాలదు. పాప చిన్నగా మూలిగినా తల్లి లేస్తుంది. తలుపు వేసి, ఫ్యాన్ గట్టిగా పెట్టి, చెవుల్లో దూది కాకుండా ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోవాలి. పాప మంచం కదిలించకండి, పెద్దవాళ్లే గదులు మారాలి. వంతు మనిషి పాప గదిలోనే ఉంటాడు కాబట్టి పాప ఒంటరిగా పడుకున్నట్టు కాదు.

లెక్కలపుస్తకం
గది ఒకటే ఉన్నవాళ్లు ఏం చేస్తారు?

వెన్నెల
పాప మంచానికి చక్రాలుంటే మొదటి వంతు హాల్లో. వంతు మనిషి కూడా అక్కడే చాప మీదో, పరుపు మీదో. సోఫా మీద మాత్రం కూర్చుని పాలు పట్టకూడదు. అర్ధరాత్రి తేన్పు తెప్పిస్తూ సోఫాలో కునుకు పడితే, బిడ్డ మెత్తల సందులో ఇరుక్కుపోయే ప్రమాదం మంచం కన్నా చాలా ఎక్కువ. నిద్ర ముంచుకొస్తోందనిపిస్తే దిళ్లు, దుప్పట్లు తీసేసిన పరుపు మీద కూర్చుని పట్టండి. ఇరవై నిమిషాలకు ఫోన్ అలారం పెట్టండి, మోగితే లేచి పాపను తన మంచంలో వెల్లకిలా పడుకోబెట్టండి.

పాలపిట్ట
వెన్నెల గారు సోఫా మాట చెప్పడం మంచిదైంది, దానితో నాకు ఏ భేదమూ లేదు.

నిద్ర పట్టకపోవడం గురించి గడియారం గారే చెప్పాలి. నేను రొమ్ము సంగతి పూర్తి చేస్తాను. 8:30 నుంచి 1:45 అంటే ఐదుంపావు గంటలు రొమ్ము ఖాళీ కాదు. ఇప్పటిదాకా రెండు మూడు గంటలకోసారి ఇస్తున్న తల్లికి మొదటి రాత్రే ఇంత ఎడం ఇస్తే పన్నెండున్నరకే గట్టిపడి, బట్టలు తడిసి లేస్తుంది. అందుకని నాలుగు గంటలతో మొదలుపెట్టి, రెండు మూడు రాత్రులకోసారి అరగంట చొప్పున పెంచండి. మధ్యలో గట్టిపడి లేస్తే పూర్తిగా పిండేయకండి. పూర్తిగా పిండితే ఆ వేళకి పాలు కావాలని శరీరానికి చెప్పినట్టే, మర్నాడు అంతకన్నా ఎక్కువ నిండుతుంది. మెత్తబడేంత వరకు చేత్తో కొంచెం తీసి, మళ్లీ పడుకోవాలి.

ఒకచోట ఎర్రగా కమిలి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండి, 38 డిగ్రీలు దాటిన జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఎడం పెంచడం ఆపి డాక్టరుకి చూపించాలి. ఆ వైపు పాలివ్వడం మాత్రం ఆపక్కర్లేదు.

ఈ పద్ధతి ఎవరికి వద్దో కూడా చెప్పాలి. బిడ్డ పుట్టిన బరువుకు ఇంకా తిరిగి చేరకపోతే, పసిరికలు తగ్గకపోతే, నెలలు నిండకుండా పుడితే, పాలు ఇంకా నిలదొక్కుకోకపోతే ఐదు గంటల ఎడం ఇవ్వకండి. సాధారణంగా మొదటి మూడు నాలుగు వారాలు ఆగడం మంచిది.

రేయింబవళ్లు
మాకు రెండో వారమే. సిజేరియన్. పాప పుట్టిన బరువుకు ఇంకా చేరలేదు, రెండు మూడు గంటలకోసారి లేపి పాలివ్వమన్నారు. అంటే ఇప్పుడు తల్లికి నిద్ర లేనట్టేనా?

పాలపిట్ట
ఏకబిగి నిద్ర ఇంకా లేదు, కానీ ఉన్న ముక్కలను పెద్దవి చేయొచ్చు. ఒక పాలపూట గంట పట్టిందనుకోండి. అందులో రొమ్ము దగ్గర గడిచేది ఇరవై, ముప్పై నిమిషాలు. మిగతాది లేవడం, డైపర్, తేన్పు, జోకొట్టడం. ఆ మిగతాదంతా ఇంకొకరు చేయాలి. పాపను లేపి, డైపర్ మార్చి, తల్లి పక్కకు తెచ్చి, ఆమె ఒత్తిగిలి పడుకునే పాలిచ్చేలా అమర్చాలి. పాలు అయిన వెంటనే తీసుకెళ్లిపోవాలి. కుట్లు ఉన్న తల్లి పాప కోసం వంగి ఎత్తుకోకుండా ఉంటుంది, అది కూడా కావాలి. దీపం చిన్నదే వెలిగించాలి, మాటలు వద్దు. ఇలా చేస్తే ఆమె అరగంట మేలుకుని గంటన్నర పడుకుంటుంది. తెచ్చిన మనిషి పాలయ్యేదాకా మేలుకుని ఉండాలి, ఆమె కళ్లు మూతలుపడితే పాపను తీసేది ఆయనే.

బరువు తిరిగి చేరాక, పాలు నిలదొక్కుకున్నాక మీ డాక్టరును అడిగి పైన చెప్పిన పద్ధతికి మారండి.

గడియారం
ఇక 8:30కి నిద్ర రాకపోవడం. వెన్నెల గారి పరిశీలన సరైనదే. మామూలుగా పదకొండుకి పడుకునే మనిషికి, దానికి రెండు మూడు గంటల ముందు శరీరం సహజంగానే చురుగ్గా ఉంటుంది. అలసట ఎంతున్నా ఆ వేళ నిద్ర వెంటనే రాదు. దీన్ని మొండితనంగా చూడకండి, ఒంట్లోని గడియారం ఇంకా జరగలేదంతే.

జరపడానికి రెండు పనులు. సాయంత్రం ఏడున్నర నుంచి ఇంట్లో పెద్ద దీపాలు ఆర్పేయండి, ఫోన్ వంతు మనిషికి ఇచ్చేయండి. ఉదయం ఏడుకి లేవగానే తల్లి పాపతో పాటు బయటి వెలుతురులో అరగంట ఉండాలి. వేళ రోజూ ఒకటే ఉంచితే కొన్ని రోజుల్లో నిద్ర ముందుకు జరుగుతుంది. కాఫీ, టీ మధ్యాహ్నం తర్వాత వద్దు. తాగిన దాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదు గంటల దాకా పడుతుంది.

ఇద్దరిలో ఎవరు రాత్రి మేలుకోగలరో చూసి వంతు మార్చుకోవడం కూడా సరైన ఆలోచనే. అయితే మీ ఇంట్లో తల్లి పాలు 8కి ఇచ్చి వెంటనే పడుకుంటే ఎడం సరిపోతుంది కాబట్టి మొదటి నిద్ర ఆమెకు ఇవ్వడం తేలిక. మీరు 2కి పడుకోబోయేటప్పుడు నిద్ర సులువుగానే వస్తుంది. మీకు ఇబ్బంది 7కి లేవడంలో ఉంటుంది. గాఢనిద్ర నుంచి లేస్తే పావుగంట, అరగంట మెదడు తడబడుతుంది, అప్పుడే పాపను ఎత్తుకుని మెట్లు దిగడం, వాహనం తీయడం చేయకండి. లేచి ముఖం కడుక్కుని, కూర్చుని, తర్వాతే చేతికి తీసుకోండి.

వేకువ
చాలా స్పష్టంగా ఉంది. రెండు సందేహాలు. మొదటిది, నా వంతులో పాప 10:15కే మూలుగుతుంటే వెంటనే పాలు పట్టాలా? రెండోది, ఆమెను మధ్యలో లేపాల్సిన సందర్భాలు ఏవి? ఏదైనా చిన్నదానికి లేపితే ఇదంతా దండగ కదా.

వెన్నెల
మూలుగుకి లేవకండి. పసిపిల్లలు నిద్రలోనే కదులుతారు, గుర్రుమంటారు, కళ్లు తెరవకుండా చిన్నగా ఏడుస్తారు కూడా. ఒకటి రెండు నిమిషాలు వేచి చూడండి. కళ్లు తెరిచి, నోరు తిప్పుతూ, ఏడుపు పెరుగుతుంటే పాలు. మరీ త్వరగా ఎత్తుకుంటే నిద్రలో ఉన్న పాపను మీరే లేపినట్టవుతుంది.

లెక్కలపుస్తకం
నేనైతే 10:30కి, మీరు పడుకోబోయే ముందు, నిద్రలో ఉన్న పాపకే పాలు పట్టేస్తే మంచిదంటాను. అది 1:45 దాకా పట్టుకుంటుంది. నడుమ మీరు కునుకు తీయొచ్చు.

పాలపిట్ట
కొందరు పిల్లలకు పని చేస్తుంది, కొందరు సగం తాగి వదిలేసి ఒంటిగంటకే లేస్తారు. ఐదు వారాల పాపకు నేను గట్టిగా అవుననలేను. ఆకలి చూపినప్పుడే పట్టమనడం నాకు నచ్చుతుంది. ప్రయత్నించి చూసి, రెండు మూడు రాత్రుల్లో తేడా లేకపోతే మానేయండి.

గడియారం
నేను పాలపిట్ట గారితో ఏకీభవించను. వంతు మనిషి నిద్ర కూడా లెక్కలోకి రావాలి, 10:30 పాలు దానికి పనికొస్తాయి. ఇది ఇంటిని బట్టి తేలాల్సిన విషయమే.

లేపాల్సిన సందర్భాలకు ఒక చిన్న జాబితా ముందే ఇద్దరూ ఒప్పుకుని ఫ్రిజ్‌కి అంటించండి. పాపకు 38 డిగ్రీలు లేదా అంతకన్నా ఎక్కువ జ్వరం: మూడు నెలల లోపు ఇది వెంటనే ఆసుపత్రికి వెళ్లే విషయం. వరుసగా రెండు పూటలు పాలు తాగకపోవడం. ఊపిరి, రంగు తేడాగా అనిపించడం. నాలుగోది అందరూ మరిచిపోయేది: వంతు మనిషికి బిడ్డను భద్రంగా పట్టుకోలేనంత నిద్ర రావడం. ఆ మాట చెప్పి లేపడంలో తప్పేమీ లేదు.

ఏడుపు ఎంతకీ ఆగకపోయినా, మీ ఓపిక తెగిపోతోందనిపించినా పాపను మంచంలో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి ఐదు నిమిషాలు బయటకి వెళ్లి రండి. తర్వాత కూడా కుదరకపోతే లేపండి.

వెన్నెల
వంతు మారేటప్పుడు నోటితో చెప్పుకోకండి, ఇద్దరిలో ఒకరు ఇంకా సగం నిద్రలోనే ఉంటారు. ఒక కాగితం చాలు: పాలు ఎన్ని గంటలకు, ఎన్ని మిల్లీలీటర్లు, తడి డైపర్లు ఎన్ని, విటమిన్ డి చుక్కలు వేశారా లేదా. ఈ చివరిది తప్పక రాయండి. ఒకరు వేశారనుకుని రెండోవారు మానేయడం, లేదా ఇద్దరూ వేయడం తరచు జరుగుతుంది. చుక్కలు ఎప్పుడూ ఒకే మనిషి, ఒకే వేళ, ఉదయం వేయడం మంచిది.

పాలపిట్ట
ఒకటి వేకువ గారికే కాదు, చదివే అందరికీ. తల్లికి తలుపు మూసిన గది, నిశ్శబ్దం, సమయం అన్నీ ఇచ్చినా వరుసగా కొన్ని రాత్రులు కునుకు పట్టకపోతే, పాప పడుకున్నా కళ్లు మూతపడక గుండె దడదడలాడుతుంటే, అది వంతుల పట్టికతో తీరే సమస్య కాదు. డాక్టరుకు చెప్పాలి. నిద్రే లేకుండా అమితమైన ఉత్సాహంతో తిరుగుతున్నా, మాటలు పొంతన లేకుండా ఉన్నా, లేనివి కనిపిస్తున్నా వినిపిస్తున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, మర్నాటికి ఆగకూడదు. తండ్రి విషయంలోనూ నిద్ర పట్టని దిగులు వారాల తరబడి ఉంటే అడగడానికి సంకోచించకండి.

వేకువ
ఈ రాత్రి నాలుగు గంటలతో మొదలుపెడుతున్నాం, 8:30 నుంచి 12:30. ఉదయం పంపుకి 70 మిల్లీలీటర్లు వచ్చాయి, మధ్యాహ్నం 40. 90 సీసాలోకి, 20 డబ్బాలోకి వేసి ఫ్రిజ్‌లో పెట్టాం. అయితే 12:30కి ఆమె పాలిచ్చాక నేను పడుకుంటే 5:30కే నా ఐదు గంటలు అయిపోతాయి. 5:30 నుంచి 7 దాకా ఎవరికి వెళ్లాలి?

గడియారం
ఆమెకు. 5:30కి మీరు లేచి పాపను తీసుకోండి, ఆమె 7 దాకా రెండో కునుకు తీస్తుంది. ఆ గంటన్నరలో పాపకు ఆకలేస్తే పట్టడానికి ఆ 20 డబ్బా చాలదు, ఆమెను లేపాలి. అందుకని ఆమె మీకు అప్పగించే ముందు, 5 గంటల ప్రాంతంలో ఒకసారి పాలిస్తే మీ గంటన్నర సాఫీగా గడుస్తుంది.